105 వచ్చేదాకా దించొద్దనే సలహా

జామ్ చేయడం నేర్పే చోట అన్నిటికంటే ఎక్కువగా వినిపించే సలహా, అన్నిటికంటే ఎక్కువ జామ్‌ను పాడుచేసే సలహా ఒకటే: "థర్మామీటర్ 105 డిగ్రీలు చూపించేదాకా పొయ్యి మీంచి దించొద్దు." పుస్తకంలో అలాగే ఉంటుంది. పరీక్షలో "జామ్ ఎండ్ పాయింట్ ఎంత?" అని అడిగితే జవాబూ అదే. కానీ మహబూబ్‌నగర్‌లో ఆ సలహాను అక్షరాలా పాటిస్తే సీసాలోకి దిగేది జామ్ కాదు, సాగే పాకం. రెండు వారాలకు అందులో చక్కెర పలుకులు కూడా తేలతాయి.

కారణం ఊరి ఎత్తులో ఉంది. 105 అనే అంకె సముద్రమట్టం దగ్గర, నీళ్లు సరిగ్గా 100 డిగ్రీలకు మరిగే చోట పుట్టింది. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు 98.3 దగ్గరే మరుగుతాయి. నల్లగొండ కొంచెం తక్కువ ఎత్తు, అక్కడ 98.6 దాకా రావచ్చు. నీళ్లలో చక్కెర కరిగిన కొద్దీ మరుగుస్థానం పెరుగుతుంది. జామ్‌లో కరిగిన పదార్థం, అంటే టీఎస్ఎస్, 68 శాతానికి చేరేసరికి ఆ పెరుగుదల సుమారు 5 డిగ్రీలు. కాబట్టి సముద్రమట్టం దగ్గర 105 అయ్యేది మన దగ్గర 103.3. మిగతా 1.7 డిగ్రీల కోసం ఎదురుచూస్తూ ఉడికిస్తే టీఎస్ఎస్ 73, 74 దాటిపోతుంది.

ఒక బ్యాచ్ లెక్క వేసి చూద్దాం. కిలో జామపండ్ల గుజ్జు, అందులో సహజంగా 10 శాతం కరిగిన పదార్థం, అంటే 100 గ్రాములు. దానికి 750 గ్రాముల చక్కెర. మొత్తం 850 గ్రాములు. ఉడికిస్తే పోయేది నీళ్లే, ఈ 850 ఎక్కడికీ పోదు. 68 శాతం దగ్గర దించితే జామ్ 1250 గ్రాములు రావాలి. 105 దాకా ఆగితే 1150 గ్రాముల దగ్గర తేలుతుంది. కిలో గుజ్జుకు వంద గ్రాములు ఆవిరైపోయినట్టే. అమ్ముకునే మహిళా సంఘానికి అది నేరుగా నష్టం. పైగా రంగు ముదురుతుంది, మాడిన వాసన తగులుతుంది, ఇంత చిక్కటి పాకంలో చక్కెర నిలవలేక పలుకు కడుతుంది.

సరైన పద్ధతిలో శ్రమేమీ లేదు. జామ్ మొదలుపెట్టే ముందు అదే థర్మామీటర్‌ను మరుగుతున్న ఉత్త నీళ్లలో పెట్టి చూడండి. ఎంత వస్తే దానికి 5 కలపండి. థర్మామీటర్‌లో ఉన్న లోపం కూడా ఈ పనితోనే లెక్కలోకి వచ్చేస్తుంది. త్రాసు ఉంటే ఇంకా మేలు: ఖాళీ గిన్నె బరువు ముందే రాసుకుని, 1250 గ్రాములకు చేరగానే దించండి. పుస్తకాల్లో దీన్ని వెయిట్ టెస్ట్ అంటారు. నా మటుకు అన్ని పరీక్షల్లోకీ నమ్మదగినది అదే, ఎందుకంటే దానికి ఊరి ఎత్తుతో పని లేదు.

రిఫ్రాక్టోమీటర్ ఉన్నవాళ్లకు ఇచ్చే తప్పుడు సలహా వేరే ఉంది. "గరిటెతో తీసి వెంటనే చుక్క వేసి చూడు" అంటారు. ఆ పరికరం 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు తయారైంది. వేడి చుక్క వేస్తే రీడింగ్ తగ్గి కనిపిస్తుంది, ఇంకా ఉడకాలనుకుని మళ్లీ మంట పెడతారు. చుక్క చల్లారాలి. ల్యాబ్‌లో 30 డిగ్రీలు ఉంటే, ఉష్ణోగ్రతను తానే సరిచూసుకునే రకం కానప్పుడు, వచ్చిన అంకెకు సుమారు 0.8 కలపాలి. మే నెలలో నల్లగొండ గదిలో అంతకంటే ఎక్కువే కలపాల్సి వస్తుంది.

ఇక రెండో సలహా. గిన్నె మీద వంగి చూసే ప్రతివాళ్లూ ఇచ్చేదే: "పలచగనే ఉందక్కా, ఇంకో పది నిమిషాలు ఉడకనియ్యి." మరిగే జామ్ ఎప్పుడూ పలచగానే ఉంటుంది. గట్టిపడేది పొయ్యి మీద కాదు, సీసాలో చల్లారేటప్పుడు. పొయ్యి మీదే చెంచా నిలబడేంత గట్టిపడిందంటే అది ఎప్పుడో దాటిపోయినట్టు.

చల్లారేటప్పుడు జరిగేదేమిటో తెలిస్తే ఈ సలహాల్లో చాలావాటి మీద నమ్మకం పోతుంది. పెక్టిన్ పండు కణాల గోడల్లో ఉండే పొడవాటి గొలుసు. నీళ్లలో ప్రతి గొలుసూ తన చుట్టూ నీటిని పట్టుకుని, రుణ విద్యుదావేశంతో పక్క గొలుసును దూరం నెడుతుంది. చక్కెర ఆ నీటిని తనవైపు లాక్కుంటుంది. ఆమ్లం ఆవేశాన్ని తగ్గిస్తుంది. అప్పుడే గొలుసులు దగ్గరకు చేరి, అక్కడక్కడా ఒకదానికొకటి అంటుకుని వల కడతాయి. మిగిలిన నీరు ఆ వలలో చిక్కుకుంటుంది. మూడింట్లో ఏ ఒక్కటి తక్కువైనా వల కట్టదు. పీహెచ్ 3.2 దగ్గర ఉంటే బాగా కడుతుంది. 3.5 దాటితే వదులవుతుంది. 2.8 కిందికి పోతే వల మరీ బిగుసుకుని నీటిని బయటకు వదిలేస్తుంది, సీసాలో జామ్ అంచున నీళ్లు ఊరతాయి.

ఇక్కడే థర్మామీటర్ అసలు పరిమితి బయటపడుతుంది. ఉత్త నీళ్లలో చక్కెర వేసి మరిగించినా అదే ఉష్ణోగ్రత వస్తుంది, అది మాత్రం ఎన్నటికీ జామ్ కాదు. ఉష్ణోగ్రత, బరువు, రిఫ్రాక్టోమీటర్ మూడూ చెప్పేది చక్కెర సంగతే. పెక్టిన్ ఎంత ఉందో, ఆమ్లం సరిపోయిందో వాటికి తెలియదు. కాబట్టి జామ్ గట్టిపడలేదని చెబితే "ఇంకా ఉడికించు" అనే సలహా చాలాసార్లు ఉల్టా దెబ్బ. టీఎస్ఎస్ 68కి వచ్చి కూడా చల్లారాక కారుతోందంటే లోపం చక్కెరలో లేదు. ఆ పైన ఎంతసేపు ఉడికిస్తే అంత పెక్టిన్ విరుగుతుంది.

అందుకే పెక్టిన్ పరీక్ష చివర కాదు, మొదట్లోనే చేయాలి. జెల్లీకి తీసిన రసం ఒక చెంచా చల్లార్చి, గాజు గ్లాసులో వేసి, రెండు చెంచాల మెథిలేటెడ్ స్పిరిట్ గోడ వెంబడి పోసి మెల్లగా కదపండి. గిలక్కొట్టొద్దు, అది ముద్దను ముక్కలు చేసి తప్పుడు ఫలితం ఇస్తుంది. కొన్ని నిమిషాలాగితే, ఒకే పెద్ద ముద్ద కట్టిందంటే పెక్టిన్ పుష్కలం: కిలో రసానికి కిలో దాకా చక్కెర పడుతుంది. రెండు మూడు ముద్దలైతే ముప్పావు కిలో. నూకల్లా చిన్న చిన్న పలుకులైతే అరకిలోకే ఆగాలి, లేదా ఇంకో పండు కలపాలి. ఆ గ్లాసులోది విషం, రుచి చూడకూడదు, తిరిగి గిన్నెలో పోయకూడదు.

పండు ఎంపిక విషయంలోనూ చెడ్డ సలహా బలంగా వ్యాపించింది: "మిగలముగ్గి అమ్ముడుపోని పండ్లు జామ్‌కి పెట్టండి." పచ్చికాయలో పెక్టిన్ నీటిలో కరగని రూపంలో ఉంటుంది. దోరగా ఉన్నప్పుడు కరిగే రూపానికి వస్తుంది. పూర్తిగా మెత్తబడ్డాక పండులోని ఎంజైమ్‌లే దాన్ని ముక్కలు చేస్తాయి, ఆమ్లమూ తగ్గుతుంది. మెత్తబడ్డ జామపండ్లకు వాసన ఎంత బాగున్నా అవి ఒంటరిగా గట్టిపడవు. మూడొంతులు పండినవి, ఒక వంతు దోరవి కలిపితే వాసనా నిలుస్తుంది, పట్టూ దొరుకుతుంది.

జామపండులో పెక్టిన్ బాగానే ఉంటుంది, ఆమ్లం మాత్రం తక్కువ. అందుకు నిమ్మరసమో సిట్రిక్ యాసిడో వేయాల్సిందే. నల్లగొండ జిల్లాలో నకిరేకల్ వైపు నిమ్మకు కొదవ లేదు. అయితే "మొదట్లోనే మొత్తం పోసేయ్" అనే సలహా వినొద్దు. ఆమ్లంతో ఎక్కువసేపు ఉడికితే పెక్టిన్ తెగిపోతుంది, చక్కెర కూడా అవసరానికి మించి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. చక్కెరలో కొంత మాత్రం విడిపోవాలి, లేకపోతే అది పలుకు కడుతుంది. పండులో సొంతంగా ఉన్న ఆమ్లం ఆ పని చూసుకుంటుంది. మనం కలిపేది కొద్ది నీళ్లలో కరిగించి, దించడానికి కాస్త ముందు వేస్తే చాలు.

పరీక్షకు వెళ్లే విద్యార్థులకు ఇంకో మాట. మోజెర్ల ఉద్యాన కళాశాలలో చదివినా, ఇంకెక్కడ చదివినా, రాతపరీక్షలో 105 అని రాయండి, పక్కనే "సముద్రమట్టం దగ్గర" అని చేర్చండి. ప్రాక్టికల్‌లో మాత్రం థర్మామీటర్ 103 దాటగానే షీట్ టెస్ట్ మొదలుపెట్టండి. గరిటెతో కొద్దిగా తీసి, గాలికి కాస్త చల్లార్చి, పక్కకు వంచండి. చుక్కలు విడివిడిగా జారితే ఇంకా కాలేదు. రెండు చుక్కలు అంచున కలిసి పలచటి రేకులా తెగిపడితే అయినట్టు. పరీక్షిస్తున్నంతసేపూ గిన్నె మంట మీద ఉండకూడదు. చాలామంది మార్కులు పోగొట్టుకునేది అక్కడే, వాళ్లు గరిటె చూస్తుంటే గిన్నె ఉడికిపోతూ ఉంటుంది. "థర్మామీటర్ అయిందంటోంది, రేకు పడలేదు, ఏం చేస్తావు?" అని వైవాలో అడిగితే ఇంకా ఉడికిస్తానని చెప్పకండి. చక్కెర సరిపోయింది, పీహెచ్ చూస్తాను, 3.5 దాటి ఉంటే సిట్రిక్ కలుపుతాను, అదీ సరిగ్గా ఉంటే పెక్టిన్ పొడిని అయిదింతల చక్కెరలో కలిపి, ఉండ కట్టకుండా వేడి నీళ్లలో కరిగించి పోస్తాను అని చెప్పండి.

పొడి కొనలేనివాళ్లకు నల్లగొండలో బత్తాయి తొక్క ఉంది. రసం తీశాక పారేసే తొక్కలో, పసుపుపచ్చ పైపొర గీకేశాక మిగిలే తెల్లటి మెత్తని భాగం పెక్టిన్ గని. చేదు పోవడానికి నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, కొద్దిగా నిమ్మరసం కలిపిన నీళ్లలో ముప్పావు గంట ఉడికించి వడకట్టండి. వచ్చిన రసాన్ని స్పిరిట్‌తో పరీక్షించి, ముద్ద కట్టిన తీరును బట్టి జామపండ్ల గుజ్జులో కలపండి.

ఇక బాలానగర్ సీతాఫలంతో జామ్ చేయమనే సలహాను మాత్రం మొత్తంగా పక్కన పెట్టండి. ఆమ్లం చాలా తక్కువన్నది చిన్న ఇబ్బంది, దాన్ని నిమ్మతో సరిచేయొచ్చు. అసలు ఇబ్బంది ఏమిటంటే సీతాఫలం గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది, రంగు మారుతుంది. 103 డిగ్రీల మాట అటుంచి, అందులో సగం దాటిన కాసేపటికే ఆ మార్పు మొదలవుతుంది. దాన్ని గింజ తీసి, చల్లగా ఉండగానే గడ్డకట్టించి, ఐస్‌క్రీమ్ చేసేవాళ్లకు అమ్మడమే సరైన దారి.