మేకుకు వేలాడుతూ

నేను గోడ క్యాలెండర్‌ని. అమీర్‌పేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడుతుంటాను. కిరాణా కొట్టాయన ఊరికే ఇస్తే నెల్లూరమ్మాయి పట్టుకొచ్చింది. ఈ ఇంట్లో నాలో తిథులూ వర్జ్యాలూ చూసేవాళ్ళు లేరు. పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ, పనామె రాని రోజులు నా గళ్ళలో రాస్తారు. అందుకే ఈ నలుగురమ్మాయిల మధ్య ఏం జరిగిందో నా దగ్గర తేదీలతో సహా ఉంది.

జనవరిలో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించారు. అందులో మూడే మాటలు: శబ్దం చేయరాదు, చుట్టాలొస్తే ముందు చెప్పాలి, ఇల్లు శుభ్రంగా ఉంచాలి. దాన్ని ఎవరూ కాదనలేదు. ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు, అంతే.

ఏప్రిల్‌లో నెల్లూరమ్మాయి పిన్ని కూతురు ఇంటర్వ్యూలకని వచ్చింది. ముందు రోజే చెప్పారు, కాగితం ప్రకారం తప్పు లేదు. రెండు రోజులన్నది పదకొండు రాత్రులు ఉంది. నా గళ్ళలో పాల ప్యాకెట్లు రెండు నుంచి మూడయ్యాయి. హాల్లో పరుపు పడింది. ఎండాకాలం, బోరు ఎండి ట్యాంకర్ల మీద బతుకుతున్న రోజులు. ఆ పిల్లని పల్లెత్తు మాట ఎవరూ అనలేదు కానీ, ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

బయటపడింది మాత్రం మిక్సీ దగ్గర. ఖమ్మం అక్క నర్సు. రాత్రి డ్యూటీ చేసి తొమ్మిదింటికి వచ్చి పడుకుంటుంది. పదకొండింటికి శ్రీకాకుళం చెల్లి పచ్చడి రుబ్బింది. అక్క గదిలోంచి వచ్చి మిక్సీ ప్లగ్గు పీకేసింది. “రాత్రి పది తర్వాత గదా అక్కా నిశ్శబ్దం?” అంది చెల్లి, కళ్ళనీళ్ళతో. ఆమె తప్పేం లేదు. చట్టం రాత్రి అన్నది పది నుంచి ఆరు దాకానే. అక్కకి రాత్రి పొద్దున తొమ్మిదింటికి మొదలవుతుంది.

ఆ ఆదివారం నలుగురూ వంటింట్లో కూర్చుని, చింపిన నా మార్చి పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ రాశారు. ఈసారి ప్రతి మాట పక్కనా గంటో, రోజో, పనో ఉంది. అక్క డ్యూటీ ఉన్న తేదీల మర్నాడు నా గడికి ఎర్ర సున్నా. ఆ రోజు తొమ్మిది నుంచి మూడు దాకా మిక్సీ లేదు, హాల్లో స్పీకర్ ఫోన్ లేదు, కాల్స్ బాల్కనీలో తలుపేసుకుని. పచ్చడి తొమ్మిదిలోపే రుబ్బుకోవాలి. చుట్టాలు నెలకి మూడు రాత్రులు, పిలిచినవాళ్ళ గదిలోనే. నాలుగో రాత్రి కావాలంటే మిగతా ముగ్గురూ సరేననాలి, ఆ నెల నీళ్ళూ కరెంటూ ఐదు భాగాలు, ఐదోది పిలిచినవాళ్ళది. తాళం చెవి చుట్టాలకి ఇవ్వకూడదు. ఓనరుతో రాసుకున్న అగ్రిమెంటు ఇంకా కట్టుదిట్టంగా ఉన్న చోట అదే చెల్లుతుందని కూడా రాశారు.

శుభ్రం దగ్గరే ఎక్కువసేపు పట్టింది. పనామె ఊడ్చి, తడిబట్ట పెట్టి, గిన్నెలు తోముతుంది, బాత్రూం ఆమె పని కాదు. దానికి వంతులు వేసుకున్నారు. కడగడమంటే నీళ్ళు కొట్టడమా? అందుకే విడమరిచి రాశారు: నేల బ్రష్‌తో రుద్దాలి, కమోడ్ కడగాలి, జాలీలో వెంట్రుకలు తీసి చెత్తలో వేయాలి, ఆదివారం సాయంత్రం ఆరులోపు. వంతున్నవాళ్ళ పేరు నా ఆదివారం గడిలో ఉంటుంది. వారం మార్చుకోవచ్చు, కానీ ఆ మార్పు గడిలో రాస్తేనే చెల్లుతుంది.

తప్పితే వంద రూపాయల జరిమానా అన్నారు. అది పొరపాటని నాకు మే నెలలోనే తెలిసింది. విజయవాడ అమ్మాయి వంద డబ్బాలో వేసి, హాయిగా సినిమాకెళ్ళింది, రెండు వంతులు వరసగా. డబ్బు కట్టాక ఆమెకి తప్పన్న భావమే పోయింది, జాలీలో వెంట్రుకలు మాత్రం అలాగే ఉన్నాయి. జరిమానా కొట్టేసి, వంతు తప్పితే తర్వాతి రెండు వారాలూ వాళ్ళవేనని రాశారు. జూన్ నుంచి నా ఆదివారాల్లో టిక్కు లేని గడి ఒక్కటే.

ఆగస్టులో విజయవాడ అమ్మాయి బదిలీ మీద వెళ్ళిపోయింది. చేరడానికొచ్చిన కర్నూలమ్మాయికి అడ్వాన్సు తీసుకోకముందే ఆ పేజీ చేతికిచ్చారు. నిలబడి మొత్తం చదివి అడిగింది: “అమ్మ వస్తే కూడా మూడు రాత్రులేనా?”

ఎవరూ వెంటనే మాట్లాడలేదు. ఖమ్మం అక్క నా మేకుకి కట్టిన పెన్ను తీసి, చుట్టాల వరస కింద నీలం సిరాతో రాసింది: అమ్మానాన్నలకి వారం, వారం ముందు చెప్పి.