చదవని షరతులు

తెలంగాణలో టీఎస్-బీపాస్ వచ్చాక చిన్న ఇంటికి అనుమతి కాగితం క్షణాల్లో చేతికొస్తోంది. ఆ కాగితంపై ఫీజు అంకె ఒక్కటే చదివి, పూజకు ముహూర్తం పెట్టించేస్తారు. అసలు కథ కింది షరతుల్లో ఉంటుంది. స్థలం మీదేనని అధికారులు తేల్చినట్టు కాదు, ఈ అనుమతి హక్కుపత్రం కాదు. ఇచ్చింది స్వీయ ధ్రువీకరణ మీద, అంటే సర్కారు నమ్మింది మీ సంతకాన్నే. ఆ తర్వాత 21 రోజుల్లో తనిఖీ. చెప్పింది అబద్ధమని తేలితే, నోటీసు లేకుండానే కూల్చే అధికారం 2020 నాటి చట్టంలోనే ఉంది.

నెలల తరబడి ఆఫీసు మెట్లెక్కడం కన్నా ఇది మేలు కాదా అంటారు. మేలే. కాకపోతే మెట్లు పోయాయి, పూచీ మాత్రం మన నెత్తికెక్కింది. ప్లాను గీసిన ఇంజినీరు చూసుకుంటాడులే అనుకుందామా? హామీపత్రంలో సంతకం యజమానిదే! ఉదాహరణకు, ఓ నూట యాభై గజాల స్థలానికి ప్లానులో పక్కన మీటరు ఖాళీ చూపించారనుకోండి, అంటే 39 అంగుళాలు. మేస్త్రి సలహాతో అక్కడే మూడడుగుల మెట్లు దిగాయి. మిగిలింది మూడంగుళాలు, గాలి కూడా పక్కకు తిరిగి నడవాలి. మేస్త్రి దారం కట్టకముందే, టేపు పట్టుకుని ఆ షరతులు ఒకసారి చదవండి.