టేబుల్ రీడ్‌లో ఒక్క తప్పూ దొరక్కుండా చూసుకోవడం ఎలా?

పదకొండు నిమిషాల పిల్లల కార్టూన్ ఎపిసోడ్‌కి స్క్రిప్టు రాసేశారు. బొమ్మల పని మొదలుపెట్టే ముందు దాన్ని నలుగురినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, తలో పాత్రా పంచి, పైకి చదివించి వినాలని కొందరు చాదస్తులు పట్టుబడతారు. అమెరికాలో 1989 నుంచి వస్తున్న ‘ది సింప్సన్స్’ వాళ్లు గొంతులు రికార్డు చేసే ముందు ఇదే చేస్తారట కాబట్టి మనమూ చేయాలంటారు. వాళ్ల వాదనలో కొంత పస లేకపోలేదు. యానిమేషన్‌లో మామూలుగా గొంతు ముందు, బొమ్మ తర్వాత. రికార్డయిన మాటను బట్టే పాత్ర నోరు కదులుతుంది. ఈ రోజు డైలాగు మార్చాలంటే పెన్సిల్ ఉంటే చాలు. బొమ్మ కదిలాక మార్చాలంటే మళ్లీ రికార్డింగు, మళ్లీ నోరు, ఒక్కోసారి మళ్లీ సీను.

మీ స్క్రిప్టులో లోపాలు లేవని మీకు తెలుసు. అది మిగతావాళ్లకీ తెలిసేలా రీడింగ్ జరిపించడమే అసలు పని.

మొట్టమొదట, చదివేది మీరే అయ్యుండాలి. అన్ని పాత్రలూ మీరే. మేకకు ఒక గొంతు, మామ్మకు ఒక గొంతు, బేరగాడికి ఒక గొంతు, హరిదాసులా మీరొక్కరే లాగించేయండి. ఏ వాక్యం ఎక్కడ విరవాలో, ఏ మాట మింగేయాలో రాసినవాడికే తెలుసు కాబట్టి నోరు తిరగని డైలాగు కూడా మీ నోట్లో నీళ్లలా జారిపోతుంది. పొరపాటున కూడా స్క్రిప్టు ముందు చూడని మనిషికి పాత్ర ఇవ్వకండి. అలాంటివాడు ఒకచోట తడబడతాడు. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే తడబడతాడు. మొదటిసారి తడబాటు వాడిది, రెండోసారిది వాక్యానిదని ఎవరో ఒకరు మార్జిన్‌లో గీత పెడతారు. ఆ గీతలు పేజీకి మూడు నాలుగు పడ్డాయంటే మీ పరువు దక్కదు.

తప్పనిసరై ఇతరులకు పాత్రలు పంచాల్సివస్తే, ఎవరైనా తడబడ్డ ప్రతిచోటా మీరు వెంటనే కల్పించుకోవాలి. “అక్కడ వెటకారం, అలా చదవకూడదు” అని వివరించండి. రేపు టీవీ చూసే ఏడేళ్ల పిల్ల పక్కన కూడా మీరే కూర్చుని వివరిస్తారు గనక ఇందులో ఇబ్బందేమీ లేదు.

డైలాగుల సంగతికొద్దాం. అభ్యాసానికి ఒక స్క్రిప్టు అనుకుందాం. మామ్మ, మనవడు చిట్టి కలిసి మేకను అమ్మడానికి సంతకు వెళ్తారు. మేక తాడు తెంపుకుంటుంది. అప్పుడు మామ్మ ఇలా అనాలి: “ఒరేయ్ చిట్టీ, మన మేక తాడు తెంపుకుని కూరగాయల దుకాణాల వైపు పారిపోతోందిరా, చూడు!” చక్కటి డైలాగు. సమాచారం పూర్తిగా ఉంది. తెరమీద మేక తాడు తెంపుకోవడం, కూరగాయల మీదుగా దూకడం కనబడుతూనే ఉంటాయి కానీ, ప్రేక్షకుడు కళ్లు మూసుకుని ఉంటే? అతని కోసం రాయండి. బల్ల దగ్గర ఇది వినగానే ఎవరో ఒక తుంటరి “మామ్మ ‘ఒరేయ్!’ అంటే చాలదా?” అంటాడు. వాడి మాట పట్టించుకోకండి. అలా పోతే ప్రతి పేజీలోనూ బొమ్మ చేసే పనిని బొమ్మకే వదిలేయాల్సొస్తుంది. చివరికి మీకు రాయడానికేం మిగులుతుంది?

అందరూ ఒకే గొంతుతో మాట్లాడేలా చూడటం రెండో జాగ్రత్త. బేరగాడు “ఈ మేకకు మీరు చెప్పిన ధర చాలా ఎక్కువ అని నేను భావిస్తున్నాను” అనాలి. మామ్మ “మీ అభిప్రాయంతో నేను ఏకీభవించడం లేదు” అనాలి. పాత్రల పేర్లు చేత్తో మూసి ఎవరి డైలాగు ఏదో చెప్పమని పక్కవాడిని అడిగే పరీక్ష ఒకటుంది. అది బల్ల దగ్గరికి రానివ్వకండి. ఆ పరీక్షలో తప్పిన రచయిత ఇంటికెళ్లి, బేరగాడి చేత “పదివేలా! మేకకేనా మామ్మగారూ, మనవణ్ణి కూడా కలిపి చెప్తున్నారా?” అనిపించాడనుకోండి, అంతవరకూ మర్యాదగా సాగిన సీనులోకి ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు. ఇక అతన్ని లేపడం కష్టం.

తెగిపోయే డైలాగుల గురించి మాత్రం ఎవరూ చెప్పని చిట్కా ఒకటి చెబుతాను. ఒకరి మాట పూర్తి కాకుండా మరొకరు అందుకునే చోటు ప్రతి కార్టూన్‌లోనూ ఉంటుంది. చిట్టి “మామ్మా, నేనీ మేకని అమ్మ...” అంటుండగా మామ్మ అందుకుంటుంది. కాగితం మీద ఎంతో సహజంగా ఉంటుంది. చదివేవాడికి మాత్రం గొంతు ఎటు తిప్పాలో తెలియదు. అమ్మనివ్వనా, అమ్మేశానా, అమ్మలేనా? మన వాక్యంలో తేల్చే ముక్క చివర్లో ఉండటంతో, కోత పడింది సరిగ్గా దానిమీదే. “అమ్మొద్దు మామ్మా, ఈ మేకని...” అని రాసుంటే ఎక్కడ కోసినా అర్థం ముందే చేరిపోయేది. ఇది కళ్లతో చదివితే పట్టుబడదు, చెవికి మాత్రం మొదటిసారే తగులుతుంది. అందుకే ఇలాంటి చోట్ల కాస్త గట్టిగా దగ్గండి.

ఇక నిడివి. అసలు కళంతా ఇక్కడుంది.

స్టాప్‌వాచ్‌ను రీడింగ్ మొదట్లో ఒకసారి నొక్కి, చివర్లో ఒకసారి ఆపండి. సీను సీనుకీ విడిగా టైము రాసుకునే మనిషిని పక్క గదిలో టీ పురమాయించడానికి పంపించండి. అతను గనక ఉండుంటే మన మేక కథకు ఇలాంటి చిట్టా తయారయ్యేది: ఇంట్లో మాటలు 2 నిమిషాల 5 సెకన్లు, సంతకు నడక 15 సెకన్లు, బేరం 3 నిమిషాల 10 సెకన్లు, మేకను తరమడం 12 సెకన్లు, చెరువు గట్టున మేకా చిట్టీ మాటల్లేకుండా ఒకరినొకరు ఏమార్చుకునే సీను 10 సెకన్లు, మామ్మ మనసు మారడం 2 నిమిషాల 20 సెకన్లు, ముగింపు 40 సెకన్లు. మొత్తం 8 నిమిషాల 52 సెకన్లు. పదకొండు నిమిషాల్లో టైటిళ్లకీ పేర్లకీ ఒక నిమిషం పోతే కథకు మిగిలేది పది. అంటే ఇంకా 68 సెకన్లు ఖాళీ.

ఇక్కడ ఎవరికీ ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా, ఖాళీలోకి మరో సంభాషణ చేర్చండి. చిట్టి చిన్నప్పటి జ్ఞాపకం ఒకటైతే బాగుంటుంది.

ఎందుకంటే ఆలోచించారంటే ఎవరో ఒకరు తరిమే సీను పేజీ తెరుస్తారు. అందులో ఉన్నవి మూడే వాక్యాలు: మేక దుకాణాల మధ్య దూరుతుంది, బుట్టలు పడతాయి, సంతంతా వెంటపడుతుంది. చదవడానికి 12 సెకన్లు. మేక దూరాలి, బుట్ట ఒరగాలి, టమాటాలు దొర్లాలి, దొర్లిన టమాటా మీద ఒకడు జారాలి, ఆ జారుడు చూసి ఇంకొకడు నవ్వబోయి తనూ పడాలి. తెరమీద ఇది 75 సెకన్లకు తక్కువ కాదు. చెరువు గట్టు సీనైతే ఆగి చూసే చూపులతోనే నడుస్తుంది, దానికి 45. నడకకు 20 వేసుకుందాం. మాటలు చదివినంతసేపే పడతాయి కనుక మిగతా సీన్లను కదపక్కర్లేదు. ఇప్పుడు కూడితే 10 నిమిషాల 35 సెకన్లు. ఖాళీ ఉందనుకున్న చోట 35 సెకన్లు పొంగిపోయింది. మీరు చేర్చిన చిన్నప్పటి జ్ఞాపకంతో కలిపితే నిమిషం 43 సెకన్లు.

మాటల సీను గడియారానికి దొరుకుతుంది, చేతల సీను దొరకదు. దీన్ని కనిపెట్టినవాళ్లు ఒక పని చేస్తారు. యాక్షన్ భాగం వచ్చినప్పుడు ఒకరు దాన్ని నిదానంగా చదువుతారు. తర్వాత అందరూ కళ్లు మూసుకుని ఆ సీను మనసులో ఆడించుకుని, అయిపోగానే చెయ్యెత్తుతారు. మొదటి చెయ్యికీ చివరి చెయ్యికీ మధ్య ఒక లెక్క తీసుకుంటారు. అది కచ్చితమైన కొలతేమీ కాదు. స్టోరీబోర్డు గీసి గొంతులు జోడించే యానిమాటిక్ వచ్చాక మళ్లీ మారుతుంది. కానీ 12 సెకన్ల అబద్ధం కంటే నిజానికి చాలా దగ్గర. పెద్దమనుషులు మధ్యాహ్నం పూట కళ్లు మూసుకుని కూర్చోవడం స్టూడియో పరువుకు తగదు గనక మీరు ఇది అనుమతించకండి.

పొంగిన 35 సెకన్లు తీయాలంటే మీరు తరిమే సీనులో కోయాలి. పిల్లలు ఎపిసోడ్ చూసేది దానికోసమే కాబట్టి అక్కడైతే కోత బాగా కనబడుతుంది. చిట్టా రాసుకున్నవాళ్లకైతే వేరే చోటు కనబడుతుంది. మొత్తం పది నిమిషాల్లో మూడో వంతు దాకా బేరమే తినేసింది. పైగా అందులో మూడు విడతల బేరం ఉంది. మొదటి విడతలో ధర చెప్తారు, రెండో విడతలో అదే ధర మళ్లీ చెప్తారు, మూడో విడతలో మేక తాడు కొరుకుతుంది. రెండో విడత తీసేసి, సీనును ఇద్దరూ సంతలోకి రావడంతో కాకుండా నేరుగా “పదివేలా!” దగ్గర మొదలుపెడితే 35 సెకన్లూ అక్కడే రాలిపోతాయి, తరుముడు చెక్కుచెదరదు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అవి 875 ఫ్రేములు. చేతి బొమ్మైతే, రెండు ఫ్రేములకొకటి చొప్పున గీసినా ఒక్కో పాత్రకు నాలుగొందల పైచిలుకు బొమ్మలు. ఈ లెక్క నిర్మాత చెవిన పడనివ్వకండి. ఆయన బల్లకు ఇటువైపు, మీ పక్కనే కూర్చోవాలి. ఆయన నవ్వినప్పుడు అందరూ నవ్వుతారు. ఏ జోకు నిజంగా పేలిందో ఆ తర్వాత ఎవరూ తేల్చలేరు.

చివరిది చర్చ. చదవడం అయిపోగానే అందరినీ పరిష్కారాలు చెప్పమనండి. ఎక్కడ విసుగొచ్చిందో చెప్పమంటే అరగంటలో తేలిపోతుంది. ఎలా రాయాలో చెప్పమంటే సాయంత్రం దాకా సాగుతుంది. ఒకరు మేకకు మాటలు పెట్టమంటారు, మరొకరు మేకకు బదులు కుక్కను పెట్టమంటారు, ఎవరో చిట్టికి చెల్లెలుంటే బాగుంటుందంటారు. మార్జిన్‌లో గీతలు పడ్డ పేజీలు అడుగున పడిపోతాయి. మార్చిన సీన్లను మరుసటి వారం మళ్లీ చదివిద్దామని ఎవరైనా అంటే, రికార్డింగు డేటు బుక్ చేసేశామని చెప్పండి. యానిమాటిక్ పన్నెండు నిమిషాలొచ్చిన రోజున స్టోరీబోర్డు గీసిన కుర్రాణ్ణి పిలిపించి, ఇన్ని బొమ్మలు ఎవడు గీయమన్నాడని నలుగురిలో నిలదీయండి.