నార్మల్ వచ్చింది, బ్లూ అయింది!

ఎకనామెట్రిక్స్ థీసిస్‌లలో తరచూ కనిపించే ఘట్టం ఒకటుంది. పరిశోధకుడు శేషాలకు నార్మాలిటీ పరీక్ష పెడతాడు. పీ-విలువ 0.05 దాటుతుంది. వెంటనే ‘కాబట్టి మా అంచనాలు బ్లూ’ అని తాటికాయంత అక్షరాలతో రాసేస్తాడు. బ్లూ అంటే సరళ, నిష్పాక్షిక అంచనాలన్నిటిలో అత్యుత్తమం అని బిరుదు. గైడుగారు సంతకం పెడతారు.

పాపం గాస్! 1809లో దోషాలు నార్మల్ అనుకునే మొదలుపెట్టినా, 1820ల తొలినాళ్లకల్లా ఆ ఊతకర్ర అక్కర్లేదని నిరూపించి పక్కన పెట్టాడు. మనవాళ్లు దాన్ని ఏరి తెచ్చి పూజిస్తున్నారు.

ఆ బిరుదుకు ఏం కావాలో రెండు పొలాలు చాలు చెప్పడానికి. ఒకటి 1 ఎకరం, మరొకటి 3 ఎకరాలు. దిగుబడి y1, y2 బస్తాలు. ఎకరా దిగుబడి తేల్చాలి. రైతు మొత్తం బస్తాలను మొత్తం ఎకరాలతో భాగిస్తాడు: (y1 + y2)/4. ఆయన తమ్ముడు ఏ పొలానికి ఆ పొలం ఎకరా లెక్క కట్టి, రెంటికీ సగటు తీస్తాడు. కనిష్ఠ వర్గాల పద్ధతి (y1 + 3y2)/10 అంటుంది. ఏ పొలంలోనైనా దోషాల సగటు సున్నా అయితే చాలు, మూడూ నిష్పాక్షికమే. ఇక్కడిదాకా గొప్పేమీ లేదు.

గొప్ప వచ్చేది విస్తృతిలో. దోషాల విస్తృతి రెండు పొలాల్లోనూ ఒకటే అయి, వాటి మధ్య సహసంబంధం లేకపోతే, ఆ విస్తృతిలో కనిష్ఠ వర్గాల వాటా 0.1, రైతుది 0.125, తమ్ముడిది దాదాపు 0.28. బిరుదు దక్కింది. కానీ ప్రతి ఎకరానికీ దాని అదృష్టం దానిదైతే పెద్ద పొలం విస్తృతి మూడింతలు. అప్పుడు కనిష్ఠ వర్గాలది 0.28, రైతుది 0.25! అంచనా నిష్పాక్షికంగానే ఉంది, అత్యుత్తమం మాత్రం కాదు. సాఫ్ట్‌వేర్ అచ్చువేసే ప్రామాణిక దోషం కూడా ఇక నమ్మదగ్గది కాదు.

ఇంతకన్నా వినోదం, ‘శేషాలకూ ఎక్స్‌కూ సహసంబంధం సున్నా, కనుక నిష్పాక్షికత రుజువైంది’ అనే వాక్యం. స్థిరపదం ఉన్న ఏ రిగ్రెషన్‌లోనైనా అది సున్నాయే, లెక్క కట్టే తీరే అంత! పెద్ద పొలాలకే బోరు ఉండి, బోరు సంగతి మోడల్‌లో లేకపోతే ఎకరా దిగుబడి ఉబ్బిపోతుంది. ఆ సున్నా మాత్రం చెక్కుచెదరదు.

మరి నార్మాలిటీ ఎందుకు? చిన్న నమూనాల్లో టీ, ఎఫ్ పరీక్షలు కచ్చితం కావడానికి, ‘సరళ’ అనే షరతు ఎత్తేసినా అంచనా అత్యుత్తమంగానే నిలవడానికి. బ్లూకి దానితో పనిలేదు.

గైడుగారూ, ఈసారి వైవాలో నార్మాలిటీ పట్టిక పక్కన పెట్టి, శేషాలను ఎకరాల ఎదుట గీసి చూపమనండి. చుక్కలు విసనకర్రలా విచ్చుకుంటే సంతకం ఆపండి.