పెన్నుతో కట్టిన వంతెనలు

మా ఇంట్లో పజిళ్లు పెన్నుతో చేసేది నేనొక్కణ్ణే. పెన్సిల్ పట్టుకుంటే నా తెలివి మీద నాకే నమ్మకం లేనట్టుంటుందని గొప్ప. ఇలాంటి గొప్పలకు పోయి మీరూ ఎప్పుడో బోర్లా పడే ఉంటారు.

సుడోకుకి ఊపు తెచ్చిన జపాన్ పత్రిక నికోలి వాళ్లదే నేను చేసే హాషివోకకెరో అనే పజిల్ కూడా. కాగితం మీద గుండ్రటి దీవులు, ఒక్కోదానిలో 1 నుంచి 8 దాకా ఏదో ఒక అంకె. ఆ దీవికి అన్ని వంతెనలు పడాలి. అడ్డంగానో నిలువుగానో గీయాలి. ఒకదాన్నొకటి దాటకూడదు, ఏ రెండు దీవుల మధ్యా రెండుకు మించకూడదు. చివరికి ఎక్కణ్ణించి బయల్దేరినా అన్ని దీవులకూ వెళ్లగలగాలి. ఈ ఆఖరి మాట దగ్గరికొచ్చేసరికి నాకు సరిగ్గా కాఫీ వస్తుంది.

మొదలుపెట్టడంలో మాత్రం నేను మొనగాణ్ణే. మూలనున్న దీవికి పొరుగువాళ్లు ఇద్దరే. అందులో 4 ఉంటే అటు రెండు, ఇటు రెండు, అంతే. 3 ఉంటే ఒకవైపు రెండుకు మించి పట్టవు కాబట్టి రెండోవైపు ఒకటైనా తప్పదు. అందుకని చెరొకటీ ముందే గీసేయొచ్చు, మూడోది ఎటో తర్వాత తేలుతుంది.

మొన్న ఆదివారం అంకెలన్నీ సరిపోయాయి. "అయిపోయింది!" అని వంటింటికి వినబడేలా ప్రకటించాను. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. అంకెల వంక చూడనేలేదు. ఒక దీవి మీద వేలు పెట్టి వంతెనల వెంబడి నడిపింది. వేలు 1 నుంచి 3కి, అక్కణ్ణించి 2కి వెళ్లి ఆగిపోయింది.

"ఏమండీ, ఇక్కణ్ణించి బయటికెలా వెళ్తారు?"

ఆ 3కి ఒక పక్క 1, ఇంకో పక్క 2, పైన 5. నేను 1కి ఒకటి, 2కి రెండు ఇచ్చేసి లెక్క తేల్చేశాను. ముగ్గురికీ కోటా నిండిపోయింది, బయటికి ఇంకో వంతెన వేయడానికి ఎవరి దగ్గరా చోటు లేదు.

"అందుకే నాన్నా, పైనున్న 5కి ఒకటి కచ్చితంగా వెళ్లాలి," అంది మా అమ్మాయి. "మిగతావి తేలకపోయినా దాన్ని ముందే గీసేయొచ్చు. పేజీలో ఇంకా దీవులున్నప్పుడు రెండు 1లని కలపకూడదు, రెండు 2ల మధ్య జంట వంతెన వేయకూడదు. అదీ ఇదే లెక్క."

అన్నీ కలిశాయో లేదో ఆఖర్న చూసుకోవాలని కదా నేననుకున్నది! వీళ్లు దాంతోనే వంతెనలు కడుతున్నారు. ఏ గుంపు నిండబోతున్నా, అందులో ఒక దీవికైనా బయటికి దారి మిగిలిందా అని అప్పుడే చూస్తారట.

సరే, సర్దుదామనుకున్నాను. 5 నుంచి ఒకటి ఇటు తిప్పితే దాని అవతలి దీవికి ఒకటి తక్కువైంది. దాన్ని నింపబోతే ఇంకోటి అడ్డొచ్చింది. పెన్ను కదా, కాసేపటికి పేజీ అంతా నల్లబడింది.

మా అమ్మాయి లోపలికెళ్లి అదే పేజీ జిరాక్స్ కాపీ తెచ్చి, పెన్సిల్‌తో సహా నా ముందు పెట్టింది.

"పుస్తకం కొన్న రోజే అమ్మ అన్నీ తీయించి పెట్టింది నాన్నా."