శంకుస్థాపన రాయి సరే, కింది రాయి సంగతేమిటి?

డ్యాం కట్టే ముందు మన దగ్గర క్షుణ్ణంగా పరీక్షించే రాయి ఒకటుంది. అది శిలాఫలకం. మంత్రిగారి పేరు పెద్దక్షరాల్లో, ఎమ్మెల్యేగారిది అంతకన్నా ఒక వేలు చిన్నగా ఉండాలి. ప్రొటోకాల్ ప్రకారం ఎవరి పేరూ జారిపోకూడదు, జారిపోతే ఇంజనీరుగారి బదిలీ ఖాయం. డ్యాం బరువంతా మోయాల్సిన రాయి మాత్రం కింద ఎక్కడో పడి ఉంటుంది. దాన్ని పలకరించాలంటే ఏళ్లు పడుతుంది. ముహూర్తం అంతకాలం ఆగదు.

పల్నాడులోని దాచేపల్లిలో ఈ పద్ధతి నడవదు. ఇంటికి నాపరాళ్లు కొనే మనిషి కూడా వేలి కణుపుతో తట్టి, మోత విని గానీ బేరం ఆడడు. ఇక మిరప చేనుకు బోరు వేయించిన రైతుకు కింది రాయి గురించి చెప్పే పనే లేదు. ఒకచోట నీళ్లు తన్నుకొస్తాయి, నాలుగు మడుల అవతల తెల్లటి పొడి లేస్తుంది. పల్నాడు సున్నపురాయి తీరే అంత. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని రాతి పగుళ్లలోకి దిగుతుంది. వేల ఏళ్లు అలా దిగుతూ పగులును సందుగా, సందును బిలంగా కరిగిస్తుంది. అనుమానం ఉన్నవాళ్లు పిడుగురాళ్ల దగ్గరి గుత్తికొండ బిలం చూసి రావచ్చు.

ఇలాంటి నేల మీద నీళ్లు నిలబెట్టాలంటే ముందు బోరు దించి, గుండ్రటి రాతి కడ్డీలను బయటికి తీయాలి. వాటిని వరసగా చెక్కపెట్టెలో పేరుస్తారు. సైటుకొచ్చిన పెద్దమనుషులు పెట్టెలోని మెరిసే రాయిని చూసి ‘గట్టి రాయే’ అని తలాడిస్తారు. భూగర్భశాస్త్రవేత్త చూసేది ఆ పెట్టెలో లేని రాయిని. మీటరున్నర దింపితే తొంభై సెంటీమీటర్ల రాయే వచ్చిందంటే మిగతా అరవై ఏమైంది? అక్కడ మెత్తటి బంకమట్టి ఉండి నీటితో కొట్టుకుపోయి ఉండాలి, లేదా అసలేమీ ఉండకపోవాలి. రాడ్డు ఒక్కసారిగా జారిందా, పైకి తిరిగిరావాల్సిన నీళ్లు మాయమయ్యాయా అని డ్రిల్లర్ను అడగాలి. అతనికి మీటరు లెక్కన కూలి. బిలం తగిలితే రాడ్డు తనంతట తానే దిగుతుంది, మీటర్లు చకచకా పెరుగుతాయి. ఆ శుభవార్తను కాగితం మీద పెట్టాలని అతనికి ఎందుకనిపిస్తుంది?

తర్వాత ల్యూజాన్ పరీక్ష. బోరులో కొంత మేర పైనా కిందా బిగించి, లోపలికి నీటిని ఒత్తిడితో పంపుతారు. పది బార్ల ఒత్తిడి దగ్గర మీటరు పొడవుకు నిమిషానికి లీటరు చొప్పున రాయి తాగితే ఒక ల్యూజాన్. అసలు కిటుకు ఆ అంకెలో లేదు. ఒత్తిడిని మెట్లుమెట్లుగా పెంచి, మళ్లీ అదే మెట్ల మీదుగా దించడంలో ఉంది. మూడు బార్ల దగ్గర ఎక్కేటప్పుడు ఆరు లీటర్లు తాగిన రాయి, దిగేటప్పుడు అదే మూడు బార్ల దగ్గర పదిహేను తాగిందనుకుందాం. అంటే సందుల్లో ఉన్న మట్టి ఆ కాసేపట్లోనే కొట్టుకుపోయింది. పరీక్షలోనే ఇంత కడిగితే, జలాశయం ఏళ్ల తరబడి ఎంత కడుగుతుంది? ఫైల్లోకి మాత్రం సగటు అంకె ఎక్కుతుంది. సగటు చూస్తే అంతా బాగానే ఉంటుంది.

ఇంకో చిక్కుంది. పగుళ్లు నిలువుగా ఉన్నచోట నిలువు బోరు వాటి పక్కనుంచే దిగిపోయి, దేన్నీ తాకకుండా ‘సర్వం క్షేమం’ అని చెబుతుంది. అందుకే ఏటవాలు బోర్లు కూడా వేయాలి. అయినా రెండు బోర్ల మధ్య దాక్కున్న బిలం దొరకకపోవచ్చు.

దొరక్కపోతే ఏమవుతుందో అమెరికాలోని టెనెసీ నది మీద చూశారు. అక్కడ హేల్స్ బార్ డ్యాం పనులు సున్నపురాతి మీద 1905లో మొదలై 1913లో ముగిశాయి. కట్టీ కట్టగానే కింది ఒడ్డున నీళ్లు బుడబుడమంటూ పైకి ఉబికాయి. బిలాలను పూడ్చడానికి గడ్డి మోపులు, పాత పరుపులు కూడా కుక్కి చూశారు. వేడి తారు పోశారు. కొన్నాళ్లు ఆగింది, మళ్లీ కారింది. చివరికి 1960ల్లో దిగువన నికజాక్ అని ఇంకో డ్యాం కట్టుకుని, పాతదానికి దండం పెట్టారు. మన దగ్గరైతే పరుపుల కొనుగోలుకు విడిగా టెండరు పిలిచేవారు, అందులో అవకతవకల మీద సభలో వాకౌట్ కూడా జరిగేది.

అడుగు సరే, మరి ప్రక్కలు? డ్యాం రెండు చివరలూ ఆనుకునే కొండ గట్టును ఇంజనీర్లు అబట్‌మెంట్ అంటారు. విల్లులా వంచి కట్టే పల్చటి ఆర్చ్ డ్యాం అయితే నీటి తోపుడు చాలావరకు ఈ గట్ల మీదికే పోతుంది. ఫ్రాన్సులో 66 మీటర్ల మాల్పాసే డ్యాం ఆ రకమే. గోడ కాంక్రీటుకు వంక పెట్టలేదెవరూ. ఎడమ గట్టు రాతిలో పొరలు ఒకవైపు వాలి ఉన్నాయి, దిగువన ఇంకో బీట అడ్డంగా పోయింది. రెండూ కలిసి కొండలోనే ఒక పెద్ద మేకులాంటి ముక్కను కోసి పెట్టాయి. జలాశయం మొదటిసారి నిండుతుండగా ఆ ముక్క కిందికి నీరు చేరింది, బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరిగింది. 1959 డిసెంబరు 2 రాత్రి ముక్క కదిలింది, డ్యాం వెంట వెళ్లింది. 400 మందికి పైగా చనిపోయారు. కొండలోకి సొరంగం తవ్వి, ప్రతి పగులు ఎటు వాలిందో దిక్సూచి పట్టి రాసుకుని, ఏ రెండు కలిస్తే ముక్క ఊడుతుందో గీసి చూడడం, లోపలి నీరు పోయేందుకు రంధ్రాలు వేయడం ఆ ఘటన తర్వాత తప్పనిసరి పనిగా స్థిరపడ్డాయి. అప్పటిదాకా ఖర్చు దండగ అనిపించిన పని అది.

ఇక మూడోది, భూకంపం. దాచేపల్లికి ఇది విని తెలుసుకునే సంగతి కాదు, మంచం ఊగితే తెలిసిన సంగతి. కృష్ణ మీద పులిచింతల జలాశయం 45 టీఎంసీలది, అంటే దాదాపు 130 కోట్ల టన్నుల నీరు. 2019 వరదల్లో అది నిండింది. 2020 జనవరి 26 తెల్లవారుజామున రెండున్నర దాటాక భూమి కంపించింది. అవతలి ఒడ్డున చింతలపాలెం వైపు, ఇవతల పల్నాడు పల్లెల్లో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. జెండా వందనానికి అంత పొద్దున్నే ఊరంతా లేవడం అదే మొదటిసారి కావచ్చు. 2021 ఆగస్టు 5న డ్యాం 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. ఆ గేటు గొడవ తేలకముందే, మూడు రోజులకు, ఆ చుట్టుపక్కల మళ్లీ చిన్న ప్రకంపనలు.

ఇది జలాశయం పనేనా? నీటి బరువు కింది రాతిని నొక్కుతుంది, అది వెంటనే తెలుస్తుంది. నీరు బీటల్లోకి ఇంకి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న రాతి ముఖాల మధ్య ఒత్తిడి పెంచి పట్టు సడలించడానికి మాత్రం నెలలు, ఏళ్లు పడుతుంది. మహారాష్ట్రలోని కోయనా 1962లో నిండడం మొదలైంది. చిన్న ప్రకంపనలు వస్తూ వస్తూ, 1967 డిసెంబరులో 6.3 తీవ్రతతో పెద్దది వచ్చి సుమారు 200 మందిని బలిగొంది. డ్యాం బీటలు వారినా నిలిచింది. అలాగని ప్రతి ప్రకంపననూ డ్యాం ఖాతాలో రాయడం కుదరదు. ఒంగోలు దగ్గర 1967 మార్చిలో 5కు పైబడిన భూకంపం వచ్చినప్పుడు పులిచింతల డ్యాం ఇంకా కట్టనే లేదు. బీట ముందే బిగుసుకుని ఉండాలి, నీరు దాన్ని కాస్త ముందుగా విడిపిస్తుందంతే.

తేల్చడానికి దారి ఒకటే. నీళ్లు నింపడానికి ఏళ్ల ముందే చుట్టూ భూకంప యంత్రాలు పెట్టి, ఖాళీ లోయ ఎన్నిసార్లు వణుకుతుందో రాసిపెట్టుకోవాలి. తర్వాత నీటిమట్టం గీతను, ప్రకంపనల గీతను పక్కపక్కన పెట్టి చూడాలి. 30 మీటర్లు దాటిన డ్యాంలకు భూకంప కేంద్రం ఉండాలని 2021 నాటి డ్యాం భద్రతా చట్టం చెప్పింది. కానీ నిండిన తర్వాత పెట్టిన యంత్రం నిండక ముందు సంగతి చెప్పలేదు. ముందటి లెక్క లేని చోట ‘డ్యాం వల్లే’ అని ఊరు అంటుంది, ‘డ్యాంకు సంబంధం లేదు’ అని శాఖ అంటుంది, విచారణ కమిటీ టీ తాగి గడువు పొడిగించమని కోరుతుంది.