మెప్పుకోరు వ్యాపారి

పచ్చళ్లూ పొడులూ ఇంట్లోనే తయారుచేసి ఊరూరికీ పార్సిళ్లు పంపే చిన్న వ్యాపారుల్లో మెప్పుకోరు అనదగిన ఒక తెగ ఉంది. సరుకు అమ్ముడుపోయినందుకన్నా, దాన్ని ఎవరో పొగిడినందుకే ఈ తెగవాడు ఎక్కువగా పొంగిపోతాడు, ఆ పొగడ్తను నలుగురికీ వినిపించేదాకా నిద్రపోడు. కొన్నవారు తమ అనుభవాన్ని తమ మాటల్లో చెప్పి, దాన్ని ప్రచారానికి వాడుకోవడానికి ఒప్పుకుంటే ఆ మాటలను టెస్టిమోనియల్ అంటారు. చెప్పిన మాటలు తనవైనా, ఒప్పుకోలు తనకు తానే ఇచ్చుకున్నా పెద్ద తేడా ఉండదని మెప్పుకోరు అభిప్రాయం.

అతడి సేకరణ పద్ధతి పరిశీలించదగినది. పార్సిల్ చేరిన గంటలోనే, సీసా మూత తీశారో లేదో కూడా తెలియకుండా, "బాగుంది కదండీ?" అని వాట్సాప్‌లో అడుగుతాడు, ఈ ప్రశ్నకు మర్యాదస్తులెవరైనా ఇవ్వగల జవాబు ఒక్కటే కనుక, అది అందగానే, అవతలివారి పేరు, ఫోన్ నంబరు, ఫోటోలతోబాటు పైనున్న అబ్బాయి పెళ్లిచూపుల కబురు కూడా కలిసివచ్చేలా స్క్రీన్‌షాట్ తీసి, ధరల పట్టికతో జతచేసి ఊరంతా పంపుతాడు. ఎవరైనా అభ్యంతరం చెబితే, అవతలివారు జవాబుగా బొటనవేలి గుర్తు పెట్టారు కదా అంటాడు, రిజిస్ట్రారు ఎదుట వేసిన వేలిముద్రను తలుచుకుంటున్నవాడిలా.

గోంగూర పచ్చడి తెప్పించుకున్న పుణె గృహిణి ఒకరు ఇలా రాశారనుకుందాం: "రెండు నెలలైంది, ఇంకా రుచి మారలేదు. ఉప్పు మాకు కాస్త ఎక్కువే, అన్నం ఎక్కువ కలుపుకుంటే సరిపోతోంది. కిందటిసారి మూత దగ్గర నూనె కారింది, ఈసారి కారలేదు." ఇది మెప్పుకోరు చేతిలో పడి "అమృతతుల్యం! అద్వితీయం! మా ఇంటిల్లిపాదీ మీ అభిమానులం!" అని బయటికి వస్తుంది. అంతకుముందు నెల్లూరు, నాగపూర్, న్యూజెర్సీల నుంచి వచ్చిన అభిప్రాయాలూ ఇదే గొంతుతో, ఇవే ఆశ్చర్యార్థకాలతో ఉండటం వల్ల, చదివేవారికి ఆ మూడు చోట్లా ఒకే మనిషి కాపురముంటున్నాడన్న అనుమానం కలుగుతుంది.

లెక్కలు చూసే మేనకోడలు సాధారణంగా ఇక్కడే అడ్డుపడుతుంది. "మామయ్యా, నూనె కారుతుందేమోనని భయపడి ఆర్డరు పెట్టనివాళ్లకు పనికొచ్చే మాట ఆవిడ చెబితే, దాన్నే కొట్టేశారేంటి?" అని ఆమె వేసే ప్రశ్నలో విషయమంతా ఉంది: నమ్మకం విశేషణాల వల్ల కాక వివరాల వల్ల పుడుతుంది, చిన్న లోపం చెప్పిన నోటి నుంచి వచ్చిన మెప్పును పాఠకుడు మరింత నమ్ముతాడు. అందుకని ఆమె సీసా సగమయ్యేదాకా ఆగి, కొనడానికి ముందు ఏ సందేహం వచ్చిందో, వాడాక ఏమైందో, ఎవరికి ఈ పచ్చడి నప్పదనిపించిందో అడుగుతుంది. వచ్చిన జవాబును కుదించవలసివస్తే అర్థం మారకుండా కుదించి, అచ్చుకు వెళ్లే పాఠాన్ని ముందుగా ఆవిడకే పంపి, పేరు పూర్తిగా వేయాలా, ఊరు మాత్రమే చాలా, ఫోటో వద్దా, ధరల పట్టికలోనే వాడాలా, ఇంకెక్కడైనా వాడవచ్చా అని విడివిడిగా అడిగి, ఎప్పుడు వద్దన్నా తీసేస్తామని చెప్పి, రాతపూర్వకమైన జవాబును తేదీతో దాచుతుంది. ఆ తరువాత మెప్పులన్నిటినీ పట్టిక చివర గుదిగుచ్చకుండా, నూనె మాటను పార్సిల్ కట్టే విధానం పక్కన, ఉప్పు మాటను పచ్చడి వివరం పక్కన ఉంచుతుంది. సందేహం పుట్టినచోటే సమాధానం దొరికితే దానికి వేరే అలంకారం అక్కర్లేదు.

మెప్పుకోరుకు అసలు గుండెకోత మరొకటుంది. కాకరకాయ పొడి తిన్నాక షుగర్ తగ్గిందని ఒక పెద్దాయన నిజంగానే రాసి, వాడుకోమని సంతకం కూడా చేసి పంపినా, మేనకోడలు దాన్ని వేయనివ్వదు. ఆహారపదార్థం రోగాన్ని నయంచేస్తుందని ప్రత్యేక అనుమతి లేకుండా ప్రచారం చేయడాన్ని 2018 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి; ఆ మాట వ్యాపారి నోట కాక కొన్నవారి నోట వచ్చినా, ప్రచారంలో పెట్టినవాడు వ్యాపారే. అనుమతి అనేది చెప్పిన మనిషి ఇవ్వగలిగేది. చెప్పిన విషయం నిజమని అది రుజువుచేయదు. ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి పడకగదిలో పెట్టుకోవడానికి మాత్రం ఆమె అభ్యంతరం చెప్పదు.

ఇంతా విన్నాక మెప్పుకోరు గ్రహించే నీతి, లోపం ఉంటే జనం నమ్ముతారన్నది ఒక్కటే. వెంటనే బావమరిదికి ఒక ఆవకాయ సీసా ఉచితంగా ఇచ్చి, "సీసా మరీ చిన్నది, రెండు రోజుల్లోనే ఖాళీ అవుతోంది, ఇదొక్కటే మీ లోపం" అని రాయించుకొస్తాడు. అమ్మేవారితో బంధుత్వమో, ఉచితంగా అందిన సరుకో మెప్పు వెనక ఉంటే, ఆ సంబంధాన్ని చదివేవారికి తెలియజేయాలని 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ జారీచేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక, మేనకోడలు ఆ కాగితాన్ని తిరస్కరించకుండా తీసుకుని, దాని కింద "వీరు వ్యాపారి బావమరిది, సీసా ఊరికే ఇచ్చాం" అన్న వాక్యం చేర్చి, ఇలా అచ్చువేయడం సమ్మతమేనా అని బావమరిదికే పంపుతుంది.